కప్పా 0.41 దగ్గర ఆగిపోయింది, కమిటీ వాళ్ళు రిలయబిలిటీ ఎక్కడ అంటున్నారు

లంక స్కాలర్

పొద్దుటి నుంచీ దీనితోనే కుస్తీ, బుర్ర వేడెక్కిపోయింది. వరద హెచ్చరికలు కోనసీమ లంకల్లో జనానికి వాట్సాప్‌లో, లోకల్ కేబుల్‌లో ఎలా చేరతాయి, వాళ్ళు దేన్ని నమ్మి ఇల్లు కదులుతారు అన్నది నా టాపిక్. 22 ఇంటర్వ్యూలు చేశాను. కమిటీ "రిలయబిలిటీ, వాలిడిటీ చూపలేదు" అని వెనక్కి పంపింది. ఫ్రెండ్‌తో కూడా కోడింగ్ చేయించి, మా ఇద్దరి కోడ్లు ఎంత కలిశాయో చెప్పే కోహెన్ కప్పా తీస్తే 0.41. ఎలా తిప్పినా పెరగట్లేదు. ఫైండింగులు ఆ జనానికే చూపించి అడిగే మెంబర్ చెక్ కూడా అయిపోయింది, అందరూ ఓకే అన్నారు. ఇంకేం కావాలండీ వీళ్ళకి?

లెక్కల మాస్టారు

0.41తో ఏ కమిటీ ఒప్పుకోదు. క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా తీయండి. 0.800 దాటాలి. తాత్కాలికంగా ఏదైనా చెప్పాలన్నా 0.667 ఉండాలి. కోడ్‌బుక్‌లో నిర్వచనాలు బిగించి, ఇద్దరికీ శిక్షణ ఇచ్చి మళ్ళీ చేయండి. "క్వాలిటేటివ్" అని పేరు పెట్టుకుంటే కొలత తప్పించుకోవచ్చనుకుంటే ఎలా?

ఏటిగట్టు

కోడింగ్ యూనిట్ ఏంటి? మెంబర్ చెక్ ఎలా చేశారు? ఆడియోలు ఉన్నాయా?

లంక స్కాలర్

ఆడియోలు ఉన్నాయండి. యూనిట్ అంటూ పెట్టుకోలేదు. ఎవరికి ముఖ్యం అనిపించిన ముక్క వాళ్ళు మార్క్ చేశాం, ఒక్కో ముక్కకి రెండు మూడు కోడ్లు కూడా పడ్డాయి. మెంబర్ చెక్‌కి ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు పేజీల సారాంశం పెట్టాను. బొటనవేళ్ళు బాగానే వచ్చాయి. ఇవన్నీ మామూలే కదా అని ముందు రాయలేదు.

పాత రిపోర్టరు

ఇంత కంగారు దేనికి తమ్ముడూ. లింకన్, గూబా 1985లోనే దారి చూపారు. ఇంటర్నల్ వాలిడిటీకి బదులు క్రెడిబిలిటీ, ఎక్స్‌టర్నల్ వాలిడిటీకి ట్రాన్స్‌ఫరబిలిటీ, రిలయబిలిటీకి డిపెండబిలిటీ, ఆబ్జెక్టివిటీకి కన్ఫర్మబిలిటీ. నాలుగు వరసల టేబుల్ వేసి, పక్కన మెంబర్ చెక్, ఆడిట్ ట్రయల్ అని రాసేయ్. కమిటీ నోరు మూతపడుతుంది.

భీమవరం డిగ్రీ

నాదీ ఇదే సమస్య అండి. కేబుల్ చానళ్ళ మీద 30 ప్రశ్నల సర్వే, క్రాన్‌బాక్ ఆల్ఫా 0.58 వచ్చింది. నేను కూడా ఆడిట్ ట్రయల్ రాస్తే సరిపోతుందా?

ఏటిగట్టు

భీమవరం వారూ, మీది స్కేలు. 30 ప్రశ్నలూ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో చూసుకోండి. రివర్స్‌లో అడిగిన ప్రశ్నల స్కోరు తిప్పారా? దీనికి వేరే పోస్టు పెట్టండి.

స్కాలర్ గారూ, కప్పా పెరగకపోవడానికి కారణం మీరే చెప్పేశారు. ఆ లెక్కకి ఇద్దరి ముందూ ఒకే ముక్కలు ఉండాలి, ఒక్కో ముక్కకి ఒకే కోడ్ పడాలి. మీ ఇద్దరూ ముక్కలే వేరువేరుగా కోశారు. కాబట్టి 0.41 అన్నది ఏకీభావానికీ లెక్క కాదు, విభేదానికీ కాదు. దాన్ని థీసిస్‌లోంచి తీసేయండి. పత్రికల్లో వరద వార్తలు లెక్కపెట్టే కంటెంట్ అనాలిసిస్ అయితే మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మీరు అర్థాలు వెతుకుతున్నారు, ఒక్కరే కోడర్ అయినా తప్పులేదు. కానీ ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో బయటివాడు వెనక్కి నడిచి చూడగలగాలి. రిపోర్టరు గారు చెప్పిన జంటలు సరైనవే. టేబుల్ మాత్రం పేర్లు చెబుతుంది, పని చేసినట్టు చూపదు.

మీ ముఖ్యమైన ఫైండింగ్ ఒకటి ఇక్కడ పెట్టండి.

లంక స్కాలర్

"లంకవాసులు అధికారిక హెచ్చరిక కంటే రేవు మెట్ల మీద నీటినే నమ్ముతారు, ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చినా కదలరు." ఇద్దరు మాత్రం మొదటి హెచ్చరికకే వెళ్ళిపోయామన్నారు. మిగతా వాళ్ళకి భిన్నంగా ఉన్నారని పక్కన పెట్టాను.

ఏటిగట్టు

ఆ ఇద్దరే మీ క్రెడిబిలిటీ. వాళ్ళకి గేదెలు ఉన్నాయా?

లంక స్కాలర్

ఆయ్, ఇద్దరికీ ఉన్నాయండి. ఉరవడి పెరిగితే పశువుల్ని పంటు ఎక్కించనివ్వరని ఒకాయన అన్నాడు.

ఏటిగట్టు

అయితే సంగతి నమ్మకం ఒక్కటే కాదు. 10 లక్షల క్యూసెక్కులకి ఇచ్చే మొదటి హెచ్చరిక, పశువులున్న ఇంటికి రేవు దాటడానికి మిగిలిన గడువు. లేని ఇంటికి అది దూరపు కబురు. మిగతా 20 మందిలో పశువులున్నవాళ్ళు ఎవరు, వాళ్ళెందుకు ఆగారు అని ట్రాన్‌స్క్రిప్టులన్నీ మళ్ళీ చదవండి. వాళ్ళ పక్కన మెరక ఉందేమో, కాజ్‌వే ఉందేమో. ఏ ఇంటర్వ్యూ కూడా దానికి బయట మిగలకుండా అయ్యేదాకా వాక్యాన్ని మారుస్తూ పోవాలి. మారిన ప్రతిసారీ తేదీ వేసి, ఎందుకు మారిందో రెండు లైన్లు రాయండి. ఆడిట్ ట్రయల్‌కి గుండెకాయ అదే.

ఎక్సెల్‌లో ఒక్క వరస ఇలా చాలు:

```
తేదీ | పాత కోడ్ | కొత్త కోడ్ | ఎందుకు | ఆధారం
12-03 | నమ్మకం లేదు | గడువు లెక్క | పశువులున్న ఇల్లు ముందే కదిలింది | P07, లైన్ 112, 00:23:40
```

చివరి గడిలో ట్రాన్‌స్క్రిప్ట్ లైన్, ఆడియో సమయం రెండూ ఉండాలి. తర్వాత మీ టాపిక్‌తో సంబంధం లేని ఒకరికి మూడు ఫైండింగులు ఇచ్చి, ఒక్కోదాని నుంచి ఆడియో దాకా వెళ్ళమనండి. దారి ఎక్కడ తెగితే అక్కడ మీ ఫైలు లోపం. రెండోసారి తిరగేసి, ఏదో ఒక ఇంటర్వ్యూ తీసి అందులోని మాట ఏ ఫైండింగ్‌లో తేలిందో, తేలకపోతే ఎందుకు వదిలారో అడగమనండి. చాలామంది ఫైళ్ళు దొరికిపోయేది ఈ రెండో పరీక్షలోనే.

లంక స్కాలర్

ఇన్నాళ్ళూ లాగ్ రాయలేదండి. ఇప్పుడు పాత తేదీలు వేసి రాసేయొచ్చా?

ఏటిగట్టు

వద్దు. ఫైళ్ళ పాత కాపీలు, గూగుల్ షీట్ వెర్షన్ హిస్టరీ చూసి ఎంత తెలిస్తే అంతే రాసి, "తర్వాత కూర్చినది" అని పైన పెట్టండి. కాపీల తేదీలకీ లాగ్ తేదీలకీ పొంతన లేకపోతే అక్కడే పట్టుకుంటారు.

గ్రూపులో చేసింది మెంబర్ చెక్ కిందకి రాదు. అందరూ చూస్తుండగా ఊరి పెద్దలున్న గ్రూపులో కాదనేదెవరు? పైగా ఎవరు మీతో మాట్లాడారో ఊరికి తెలిసిపోయే ప్రమాదం ఉంది. ఐదారుగురి దగ్గరికి విడివిడిగా వెళ్ళి, మార్చిన వాక్యం చదివి వినిపించి, "ఇది ఎవరి ఇంటికి సరిపోదు?" అని అడగండి. "కరెక్టేనా" అంటే అవునండీ అనే జవాబే వస్తుంది.

వైనతేయ

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఇదంతా చివర్లో అంటించే పని. మోర్స్ బృందం 2002లో అన్నది ఇదే. సరిచూసుకోవడం పని జరుగుతుండగానే జరగాలి, రిలయబిలిటీ, వాలిడిటీ అన్న మాటల్ని వదులుకోనక్కర్లేదు. కాగితాల దారి శుభ్రంగా ఉన్నంత మాత్రాన విశ్లేషణ మంచిదవదు.

లెక్కల మాస్టారు

నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే కదా, ఆ మాటలే వాడమని.

వైనతేయ

అదే కాదు మాస్టారూ. ఆ మాటలు ఉంచమన్నాను, మీ 0.800 ఉంచమనలేదు.

పాత రిపోర్టరు

ట్రాన్స్‌ఫరబిలిటీ సంగతి ఎవరూ తేల్చలేదు. "డెల్టా లంకలన్నిటికీ వర్తిస్తుంది" అని రాస్తే పోలా?

ఏటిగట్టు

పోదు. వర్తిస్తుందో లేదో తేల్చేది చదివేవాడు. ప్రకాశం బ్యారేజీ దిగువ కృష్ణా లంకల మీద పనిచేసేవాడికి పోల్చుకునే సరుకు ఇవ్వడం వరకే మన పని. లంకకి దారి కాజ్‌వేనా, పంటు ఒక్కటేనా, పశువులెన్ని ఇళ్ళలో, కరెంటు తీసేస్తే కేబుల్ ఎప్పుడు పోతుంది, ఫోన్ చార్జింగ్ ఎక్కడ, గ్రూపు ఎవరు నడుపుతారు. "గోదావరి ఒడ్డున పచ్చని లంక" అని మూడు పేజీలు రాస్తే ఎవరికీ అక్కరకు రాదు. ఊరు గుర్తుపట్టేంత వివరం కూడా ఇవ్వకూడదు. ఎక్కడ ఆపాలన్నది ప్రతిసారీ తలనొప్పే, దానికి నా దగ్గర సూత్రం లేదు.

లెక్కల మాస్టారు

అయితే కమిటీలో నాలాంటివాడు ఉంటే?

వైనతేయ

కప్పా ఎందుకు వాడలేదో మెథడాలజీ చాప్టర్‌లో ఒక పేరా రాయాలి. ఒప్పుకుంటారో లేదో వాళ్ళిష్టం.

లంక స్కాలర్

సరేనండి, థాంక్స్. ఆ పశువుల లెక్క చూడాలి ముందు.

భీమవరం డిగ్రీ

రివర్స్ ప్రశ్నలు తిప్పాను అండి, 0.61 అయింది. ఇప్పుడేం చేయాలి?