మిల్లుకి మూడు ఆడిట్లా? వంద కోట్ల లెక్క ఏ రోజుది?

కోటిపల్లి రేవు: మాది రామచంద్రపురం దగ్గర ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లు. అకౌంట్స్ నేను చూస్తాను. టర్నోవర్ 190 కోట్లు. స్టాట్యూటరీ ఆడిట్‌కి సీఏ గారు ఉన్నారు. ఇప్పుడు ఇంటర్నల్ ఆడిట్, సెక్రటేరియల్ ఆడిట్ కూడా పెట్టుకోమంటున్నారు. మూడూ ఆ సీఏ గారితోనే కానిచ్చేస్తే పోదా?

తణుకు ట్యాక్స్: ఆ రెండూ మీకు అక్కర్లేదండి. ప్రైవేట్ కంపెనీకి ఇంటర్నల్ ఆడిట్ 200 కోట్ల టర్నోవర్ నుంచి. కంపెనీ చట్టం సరిగ్గా పాటించారా అని చూసే సెక్రటేరియల్ ఆడిట్ లిస్టెడ్ కంపెనీలకి, లేదంటే మూలధనం 50 కోట్లో టర్నోవర్ 250 కోట్లో ఉన్న పబ్లిక్ కంపెనీలకి. ఎవరో ఫీజు కోసం భయపెడుతున్నారు.

లంక సీఎస్: సగమే చెప్పారు. రెండింటికీ అప్పు లెక్క కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి మొదలైన సంవత్సరాలకి, బ్యాంకుల దగ్గరా పబ్లిక్ ఫైనాన్షియల్ సంస్థల దగ్గరా 100 కోట్లు గానీ అంతకు మించి గానీ అప్పున్న ఏ కంపెనీకైనా సెక్రటేరియల్ ఆడిట్ ఉంది, ప్రైవేట్ అయినా సరే. రేవు గారూ, అప్పెంతో చెప్పండి. డైరెక్టర్లు వేసిన డబ్బు కలపకండి.

ఇక సీఏ గారి సంగతి. స్టాట్యూటరీ ఆడిటర్ అదే కంపెనీకి ఇంటర్నల్ ఆడిట్ చేయకూడదని 144వ సెక్షన్. ఆయన పార్ట్‌నర్ పేరు మీదో, బంధువు పేరు మీదో చేయించినా అదే తప్పు. సెక్రటేరియల్ ఆడిట్‌కి ప్రాక్టీసులో ఉన్న కంపెనీ సెక్రటరీ సంతకం కావాలి, సీఏ పెట్టలేరు.

కోటిపల్లి రేవు: టర్మ్ లోన్, సరుకు మీద బ్యాంకిచ్చే క్యాష్ క్రెడిట్ సీసీ కలిపి 2025 జనవరిలో సార్వా ధాన్యం కొన్నప్పుడు 112 కోట్లకి వెళ్ళింది. మార్చి 31న టర్మ్ లోన్ 44, సీసీ 53, మొత్తం 97. శాంక్షన్ 120.

తణుకు ట్యాక్స్: చెప్పానా! మార్చి 31న వందలోపే. రెండూ వర్తించవు.

లంక సీఎస్: శాంక్షన్‌తో పని లేదు, వాడుకున్నదే లెక్క. కానీ ఇంటర్నల్ ఆడిట్ రూల్లో మార్చి 31 అన్న మాటే లేదు. గత సంవత్సరంలో ఏ ఒక్క సమయంలోనైనా 100 కోట్లు దాటితే చాలు. జనవరిలో 112 అయింది కాబట్టి 2025-26కి ఇంటర్నల్ ఆడిటర్‌ని పెట్టాల్సిందే. సెక్రటేరియల్ ఆడిట్ రూల్లో మాత్రం చివరగా ఆడిటైన బ్యాలెన్స్ షీట్ ఆఖరి రోజున ఉన్న అప్పు అని ఉంది. అక్కడ 97, కాబట్టి అది వర్తించదు. ఒకే మిల్లు, ఒకే అప్పు, రెండు జవాబులు.

తణుకు ట్యాక్స్: ఒకే చట్టంలో రెండు కొలతలు పెడతారా? ఆడిటైన అంకె అంటేనే మార్చి 31. జనవరి బ్యాలెన్స్ ఎవరు ఆడిట్ చేశారు?

లంక సీఎస్: సీసీ ఖాతా స్టేట్‌మెంట్ చాలు. 138వ సెక్షన్ కింద రూల్ 13 తెరిచి చదవండి.

మండపేట మేడ: ఆయ్, ఇది మా ఓనరు గారికి ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు రొయ్య: ఎన్ని ఆడిట్లయితే ఏం లాభమండీ? మా ప్లాంటులో స్టాట్యూటరీ ఆడిటర్ సంతకం పెట్టాడు. రెండు నెలలకి బ్యాంకు పంపిన స్టాక్ ఆడిటర్ వచ్చి సరుకు తక్కువుందన్నాడు. మాటలు పడ్డది మేము.

లంక సీఎస్: అది నాలుగోది, బ్యాంకు తన కోసం చేయించుకునేది. చట్టం చెప్పే మూడింటిలో అది లేదు.

ద్రాక్షారం కాటా: రొయ్య గారి బాధ తప్పేం కాదు. స్టాట్యూటరీ ఆడిటర్ ఏడాది చివరి అంకెలు నిజమా కాదా అని చూస్తాడు. సీసీ లిమిట్ 5 కోట్లు దాటితే బ్యాంకుకిచ్చిన మూడు నెలల స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలిశాయో లేదో కూడా తన రిపోర్టులో రాయాలి. అయితే అది అంతా అయిపోయాక వచ్చే మాట. సరుకు ఎక్కడ పోతోందో పట్టుకునేది ఇంటర్నల్ ఆడిటర్.

మిల్లులో ఆ పని ఇలా ఉంటుంది. గేటు రిజిస్టరు, కాటా చీటీ, తేమ కోత, ధాన్యం బిల్లు, ఈ నాలుగూ ఒకే లారీకి పక్కపక్కన పెట్టి చూస్తాడు. తర్వాత దిగుబడి. ప్రభుత్వ మరపట్టుకి పచ్చి బియ్యం లెక్క క్వింటాలుకి 67 కేజీలు. పదివేల క్వింటాళ్ళు ఆడిస్తే 6,700 రావాలి. పుస్తకంలో 6,450 ఉంటే ఆ 250 క్వింటాళ్ళకి జవాబు కావాలి. ధాన్యం తేమగా వచ్చిందా? తేమ కోత చీటీలో అది కనపడాలి. కోత వేయకుండా పూర్తి తూకానికి డబ్బిచ్చి ఉంటే తప్పు కాటా దగ్గర. కోత సరిగ్గానే ఉంటే బియ్యం గేటు దాటినట్టు. ఏ నెలలో మొదలైందో కూడా తెలుస్తుంది, మార్చి దాకా ఆగక్కర్లేదు.

ఈ పనికి సీఏనే కానక్కర్లేదు. కాస్ట్ అకౌంటెంట్ చేయొచ్చు, బోర్డు సరేనన్న వేరే ప్రొఫెషనల్ అయినా సరే, కంపెనీ ఉద్యోగి అయినా సరే.

పాలకొల్లు రొయ్య: ఆ రిపోర్టు ఇచ్చేదెవరికి? బోర్డుకే కదా. బోర్డులో తండ్రీ ఇద్దరు కొడుకులూ. బియ్యం వాళ్ళే దాటించుంటే?

ద్రాక్షారం కాటా: దానికి నా దగ్గర జవాబు లేదు.

లంక సీఎస్: రేవు గారూ, ఒక్క ప్రశ్న. ఏప్రిల్ 2న సీసీ ఎంత?

కోటిపల్లి రేవు: 64. మొత్తం 108. మార్చి 29న డైరెక్టర్లు 11 కోట్లు వేశారు, ఏప్రిల్ 2న తీసుకున్నారు.

తణుకు ట్యాక్స్: దాళ్వా ధాన్యానికి డబ్బు కావాలి కాబట్టి తీశారు. మేడమ్ గారు ప్రతిదాంట్లో దొంగతనం వెతకనక్కర్లేదు.

లంక సీఎస్: దాళ్వాకి తీస్తే డబ్బు రైతుల ఖాతాలకి వెళ్ళాలి. ఇక్కడ వెళ్ళింది డైరెక్టర్లకి. దొంగతనం అని నేననలేదు. ఆ డబ్బు తమదేనని, అప్పు తెచ్చి ఇచ్చింది కాదని డైరెక్టర్లు రాసిచ్చారా? మార్చి 31న ఉన్న ఆ 11 కోట్లు, డిపాజిట్లూ అప్పులూ చూపే డీపీటీ-3 ఫారంలో చూపించారా? స్టాట్యూటరీ ఆడిటర్ ఏప్రిల్ మొదటి వారం బ్యాంకు స్టేట్‌మెంట్ తిరగేస్తే ఇదంతా కనపడుతుంది. అసలు సెక్రటేరియల్ ఆడిట్ అంటే మీవాళ్ళకెందుకంత భయం?

కోటిపల్లి రేవు: సెప్టెంబర్‌లో సీసీ 55 నుంచి 70కి పెంచారు. ఆ తాకట్టు రిజిస్టర్ చేయించే సీహెచ్‌జీ-1 ఫారం వేయలేదు.

లంక సీఎస్: అదీ సంగతి. ఛార్జీ అంటే బ్యాంకు తాకట్టు, దాని మార్పుకి గడువు 30 రోజులు. అదనపు ఫీజుతో ఇంకో 30, భారీ ఫీజుతో ఆపైన 60. మొత్తం 120 దాటితే రిజిస్ట్రార్ తీసుకోరు. రేపు కంపెనీ మూతపడితే పెరిగిన ఆ 15 కోట్లకి బ్యాంకు తాకట్టు లిక్విడేటర్ దగ్గర నిలవదు. సెక్రటేరియల్ ఆడిటర్ మొదట చూసేవి ఇవే: ఛార్జీలు, మినిట్స్, సభ్యుల రిజిస్టరు, బోర్డు మీటింగుల మధ్య 120 రోజులు దాటిందా అన్నది. బియ్యం బస్తా వైపు చూడడు. అతని ఎంఆర్-3 రిపోర్టు బోర్డు రిపోర్టుతో పాటు వెళ్తుంది, ఎవరైనా చదవొచ్చు.

తణుకు ట్యాక్స్: ఆ ఆడిట్ తప్పించుకుంటే ఇది బయటపడదుగా.

లంక సీఎస్: పడుతుంది. గడువు దాటినా రిజిస్టర్ కాని ఛార్జీలేవో, కారణమేంటో 2021 నుంచి బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లోనే రాయాలి. అంటే స్టాట్యూటరీ ఆడిటర్ ముందుకే వస్తుంది. 11 కోట్లు తిప్పి తప్పించుకున్నది ఒక ఫీజు మాత్రమే.

మండపేట మేడ: 2025-26 సెక్రటేరియల్ ఆడిట్‌కి చూడాల్సింది 2025 మార్చి 31నా, 2026 మార్చి 31నా?

లంక సీఎస్: నేను ముందటిదే తీసుకుంటాను, ఏడాది మొదట్లో చేతిలో ఉండే ఆడిటైన లెక్క అదే కాబట్టి. మా వాళ్ళలోనే ఒప్పుకోనివాళ్ళున్నారు.

తణుకు ట్యాక్స్: చూశారా, మీలోనే మీకు పడదు. నేను మాత్రం ఇంటర్నల్ ఆడిట్‌కి కూడా మార్చి 31 అనే అంటాను.

కోటిపల్లి రేవు: ఇంటర్నల్ ఆడిటర్‌కి బోర్డు తీర్మానం సర్క్యులేషన్‌లో సంతకాలు పెట్టించేస్తే సరిపోతుందా?

లంక సీఎస్: సరిపోదు. మీటింగులోనే పెట్టాలి, ఏడు రోజుల ముందు నోటీసు. సీహెచ్‌జీ-1 గురించి ముందు బ్యాంకు మేనేజర్ గారితో మాట్లాడండి, పెంపుకి కొత్త పత్రం రాస్తారేమో అడగండి.