కోడింగ్‌కి మానిటర్ నిలువుగా పెట్టడం: లాభమా, కళ్ళకి శిక్షా?

సెమీకోలన్_భక్తుడు: రెండో మానిటర్‌ని కోడ్ కోసం నిలువుగా తిప్పాను, 24 అంగుళాలు, 1920×1080, ఐపీఎస్, విండోస్. పొడుగు ఫైల్ చూడ్డానికి బాగానే ఉంది కానీ అక్షరాల అంచులు మసకగా, కొంచెం రంగు అంటినట్టు కనిపిస్తున్నాయి, పక్కనే అడ్డంగా ఉన్న అదే మోడల్లో అలా లేదు. ప్యానెల్ పాడయిందా? లేక నిలువు సెటప్ అంటేనే ఇంతేనా? ఇంతేనైతే 27 కొనుక్కోవాలా?

లూప్‌లో_ఇరుక్కున్నా: రిజల్యూషన్ చాలట్లేదు బ్రో. 1080 వెడల్పులో కోడ్ రాయడమేంటి, 4కే తీసుకో, అన్నీ సర్దుకుంటాయి.

పాత_టెర్మినల్: 4కే తీసుకుంటే ఈ సమస్య కనపడదు, అంతవరకు నిజమే, కానీ కారణం రిజల్యూషన్ కాదు. ప్యానెల్ కూడా పాడవలేదు. ఒక్కో పిక్సెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు సన్నటి నిలువు పట్టీలు పక్కపక్కన ఉంటాయి, విండోస్‌లో అక్షరాలు గీసే క్లియర్‌టైప్ ఆ మూడింటినీ విడివిడిగా వెలిగించి అక్షరం అంచుని పిక్సెల్‌ కన్నా సన్నంగా గీస్తుంది. మానిటర్ తిప్పేసరికి ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, విండోస్ మాత్రం అవి ఇంకా పక్కపక్కనే ఉన్నాయనుకుని గీస్తూ పోతుంది, అందుకే నిలువు గీతల పక్కన ఆ రంగు. 24 అంగుళాల 1080పీ అంటే అంగుళానికి 92 పిక్సెళ్ళు, కాబట్టి కంటికి ఆనుతుంది.

నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. నిలువు మానిటర్లో ఎడిటర్ స్క్రీన్‌షాట్ తీసి, పెయింట్‌లో బాగా పెద్దది చేసి చూడండి. అక్షరాల అంచుల్లో ఎర్ర, నీలి చుక్కలుంటే దోషం గీసే పద్ధతిదే. బూడిద రంగు మాత్రమే ఉంటే కారణం వేరే ఎక్కడో ఉంది, అప్పుడు స్కేలింగ్, షార్ప్‌నెస్ లాంటివి చూడాలి.

సెమీకోలన్_భక్తుడు: చూశాను అన్నా, ఎర్ర నీలి చుక్కలు బోలెడు. మరి క్లియర్‌టైప్ ట్యూనర్లో నిలువుకి ఏది ఎంచుకోవాలి?

పాత_టెర్మినల్: పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉండే అమరికకి ఆప్షనే అందులో లేదు. మానిటర్ వారీగా నమూనాలు చూపిస్తుంది కదా అని ఎంతసేపు నొక్కినా ఉన్నవాటిలో తక్కువ చెడ్డది దొరుకుతుందంతే. మొత్తం క్లియర్‌టైప్ ఆపేయొచ్చు, కానీ అడ్డం మానిటర్లో కూడా పోతుంది, కన్సోలాస్ లాంటి ఫాంట్ అసలు క్లియర్‌టైప్ కోసమే గీసింది, అది లేకపోతే చిన్న సైజులో పేలవంగా ఉంటుంది. ఎడిటర్ ఒక్కదానికే ఆపడం మేలు. వీఎస్ కోడ్ అయితే కమాండ్ పాలెట్‌లో `Preferences: Configure Runtime Arguments` తెరిచి ఆ ఫైల్లో ఇది కలపండి:

```json
"disable-lcd-text": true
```

ఎడిటర్ పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. రంగు పోతుంది, అక్షరం కాస్త మెత్తగా కనిపిస్తుంది, దాన్ని సరిచెయ్యడానికి ఫాంట్ ఒక సైజు పెంచుకోండి.

కెర్నల్_పిచ్చోడు: నాదీ ఇదే కథ, కాకపోతే లినక్స్. ఫాంట్‌కాన్ఫిగ్‌లో `vrgb` అని ఉంది కదా, అది పెడితే ఇలా రంగు ఆపేసి గ్రేస్కేల్‌కి దిగక్కర్లేదు, విండోస్ వాళ్ళకే ఈ ఏడుపు.

పాత_టెర్మినల్: ఒక్క మానిటరే ఉంటే మీరన్నది కరెక్టే. మానిటర్‌ని గడియారం ముల్లు దిశలో తిప్పితే ఎడమ అంచు పైకి వస్తుంది, ఎరుపు పైన పడుతుంది, అప్పుడు `vrgb`. ఎదురు దిశలో తిప్పితే `vbgr`. తారుమారు చేస్తే ముందుకన్నా ఘోరం. కానీ ఆ సెట్టింగ్ మొత్తం డెస్క్‌టాప్‌కి ఒకటే, పక్కన అడ్డం మానిటర్ ఉంటే ఈసారి అది చెడుతుంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటే ఇంకో చిక్కు, లాభమంతా అడ్డగీతలకి పోతుంది, అక్షరాల్లో మనకి సన్నంగా కావల్సింది ఎక్కువగా నిలువు గీతలు. అందుకే రెండు మానిటర్లుంటే నేను గ్రేస్కేలే పెడతాను:

```bash
gsettings set org.gnome.desktop.interface font-antialiasing 'grayscale'
```

కెర్నల్_పిచ్చోడు: నా కంటికి మాత్రం `vrgb` బావుంది, గ్రేస్కేల్ చూస్తే కళ్ళజోడు తుడుచుకోవాలనిపిస్తది. ఒప్పుకోను.

చిత్రలేఖ_టెస్టర్: నేను మొబైల్ యాప్ టెస్టింగ్‌కి నిలువు మానిటర్ వాడుతున్నా, ఎమ్యులేటర్ ఫుల్ సైజులో వస్తుంది, సూపర్. మీరూ వాడండి.

లూప్‌లో_ఇరుక్కున్నా: ఆయన అడిగింది అక్షరాల గురించండీ 🙂 సరే, రంగు సంగతి ఒప్పుకున్నా. కానీ వెడల్పు మాట అలాగే ఉంది కదా, 1080లో ఏం పడుతుంది?

పాత_టెర్మినల్: లెక్క వేద్దాం. కన్సోలాస్ 14 సైజులో ఒక అక్షరం 7.7 పిక్సెళ్ళు. ఎడమ ఐకాన్ల పట్టీ, లైన్ నంబర్లు, స్క్రోల్‌బార్ తీసేస్తే 950 పైచిలుకు మిగులుతుంది, అంటే 120 అక్షరాలు. ఫైల్స్ ప్యానెల్ 250 పిక్సెళ్ళతో తెరిచి ఉంచితే 90కి పడిపోతుంది. మినిమ్యాప్ ఆపెయ్యాలి, ఇక్కడ అది దండగ. లైన్లయితే అడ్డంలో 48 వచ్చేవి 92 వస్తాయి. ఒక ఫైల్ చదవడానికి, లాగ్ చూడ్డానికి బ్రహ్మాండం, రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలంటే నరకం. 1920×1200 ప్యానెల్ అయితే వెడల్పు 1200, ఆ 120 పిక్సెళ్ళే 15 అక్షరాలు ఇస్తాయి, చిన్నదనిపిస్తుంది గానీ చాలా తేడా.

మెడనొప్పి_మాధవి: అందరూ అక్షరాల దగ్గరే ఆగిపోయారు, 27 కొనేముందు ఎత్తు చూడండి. 27 నిలువుగా పెడితే ప్యానెలే 60 సెంటీమీటర్లు, కింది అంచు టేబుల్‌కి ఆనించినా పై అంచు కూర్చున్న మనిషి కంటికన్నా పైనే ఉంటుంది, టేబుల్ నుంచి కన్ను సుమారు 45, 50 ఎత్తులో ఉంటుంది కదా. ట్యాబులు, ఫైల్ పేరు అన్నీ పైనే, రోజంతా తలెత్తి చూడాలి. 24 అయితే 53, కొంచెం వెనక్కి వంచితే సరిపోతుంది. నేను పై మూడో వంతులో టెర్మినల్ పెట్టి, కోడ్ కింద ఉంచుకుంటున్నా.

స్టాండ్ మీద తిప్పేటప్పుడు మూల టేబుల్‌కి తగులుతుంది. 24కి కేంద్రం నుంచి మూలకి 31 సెంటీమీటర్లు, కాబట్టి ముందు స్టాండ్ పూర్తిగా పైకి లేపి, వెనక్కి వంచి, అప్పుడు తిప్పి, మళ్ళీ దించాలి. పవర్, వీడియో కేబుళ్ళకి వదులు ఉందో లేదో ముందే చూసుకోండి, తిప్పాక సాకెట్ పక్కకి తిరిగి కేబుల్ మెలిపడి లాగుతుంది.

సెమీకోలన్_భక్తుడు: నాది ఆర్మ్ మీద ఉంది మేడమ్, 100×100 ప్లేట్. కాసేపటికి తనంతట తనే ఒక పక్కకి ఒరుగుతోంది.

మెడనొప్పి_మాధవి: ప్లేట్ రంధ్రాలు మానిటర్ బరువు మధ్యలో లేకపోతే అలాగే ఒరుగుతుంది. ప్లేట్ తిరిగే చోట బిగించే స్క్రూ ఉంటుంది, దాన్ని బిగించండి. స్ప్రింగ్ టెన్షన్ పెంచితే ఇది ఆగదు, అది ఎత్తుకి సంబంధించింది.

కెర్నల్_పిచ్చోడు: ఒకటి ఎవరూ చెప్పలేదు. ప్యానెల్ ఒక అంచు నుంచి వరసగా గీస్తుంది, తిప్పాక ఆ గీత పక్కవాటుగా నడుస్తుంది, స్పీడుగా స్క్రోల్ చేస్తే టెక్స్ట్ ఒక పక్కకి వంగినట్టు ఉంటుంది. 60 హెర్ట్జ్‌లో బాగా తెలుస్తుంది.

సెమీకోలన్_భక్తుడు: అవును! అది నా భ్రమ అనుకున్నా. రంగు మాత్రం ఆ లైన్ పెట్టాక పోయింది, ఫాంట్ 15 చేశాను. ఈ వంకర పోవడానికి సెట్టింగ్ ఏమైనా ఉందా?

పాత_టెర్మినల్: సెట్టింగ్ లేదు. 120 హెర్ట్జ్ ప్యానెల్‌లో వంపు సగం అవుతుంది, స్మూత్ స్క్రోల్ ఆపేసి పేజీ చొప్పున దిగితే దాదాపు కనపడదు. 27 మాట అడిగారు కదా, నేనైతే ఈ 24నే ఉంచుకుంటాను.

లూప్‌లో_ఇరుక్కున్నా: నేనైతే అడ్డంగా తిప్పేస్తాను.