షెడ్డులో ఉన్న కారు మునిగితే నష్టం ఎవరిది?

పల్లంవీధి: సర్వీసింగ్‌కి ఇచ్చిన నా పెట్రోలు కారు మెకానిక్ షెడ్డులోనే నీట మునిగింది. ఇంజిన్ పట్టేసింది, లక్షా పదివేలు అవుతుందట. "వానకి నేనేం చేస్తాను, ఓనర్ రిస్కు అని జాబ్ కార్డు మీదే ఉంది" అంటున్నాడు. నాకు అడిగే హక్కు ఉందా? మాది అమలాపురం దగ్గర.

స్పానర్: లేదండి. ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. డ్రెయిన్ పొంగింది, నీళ్లొచ్చాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మన మురుగు కాలువలు లాగవని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లే మునిగాయి. ఎవరి మీద కేసు వేశారు? జాబ్ కార్డు మీద మీరు సంతకం పెట్టారు. ఇన్సూరెన్సు ఉంటే క్లెయిమ్ చేసుకోండి.

కాలువగట్టు: సంతకం పెట్టాక ఇంకేముంది బాబాయ్.

గుమాస్తా: కాకినాడలో వకీలు గారి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాను. ఈ రకం కేసులు కొన్ని దగ్గరుండి చూశాను. వరద వచ్చిందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. తాళాలు అతని చేతికి ఇచ్చారు కాబట్టి ఇది బెయిల్‌మెంట్, అంటే పని అయ్యాక తిరిగి ఇచ్చేలా వస్తువుని అప్పగించడం అవుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ఒక కొలత పెట్టింది. తెలివి ఉన్న మామూలు మనిషి అలాంటి పరిస్థితిలో, అంత విలువైన తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువుని కూడా అంత జాగ్రత్తగా చూడాలి. అంత చూసినా నష్టం జరిగితే అతని బాధ్యత లేదని 152 చెబుతుంది. కాబట్టి స్పానర్ గారి మాటలో సగం నిజం ఉంది.

పల్లంవీధి గారూ, మూడు విషయాలు చెప్పండి. ఆ రాత్రి అతని సొంత బండి ఎక్కడ ఉంది? మీ కారు కదిలే స్థితిలో ఉందా, లేక పని మధ్యలో విప్పేసి ఉందా? నీళ్లు తీశాక మొదట స్టార్టు చేసింది ఎవరు?

పల్లంవీధి: పని మొత్తం అయిపోయింది, తాళాలు షెడ్డు గోడకున్న మేకుకి వేలాడుతున్నాయి. అతని బండిని రాత్రి తొమ్మిదింటికే ఏటిగట్టు మీదకి ఎక్కించుకున్నాడు. పక్కన టీ కొట్టు ఆవిడ చూశారు. నా కారులోకి నీళ్లు పదకొండు దాటాక వచ్చాయి. సీట్ల దాకా మరక ఉంది. రెండో రోజు నీళ్లు తీశాక షెడ్డులో కుర్రాడు తాళం తిప్పి చూశాడట. ఒకసారి 'టక్' మని ఆగిపోయిందని వాడే చెప్పాడు.

గుమాస్తా: అయితే మీ దగ్గర విషయం ఉంది. తొమ్మిదింటికి తన బండి మెరకెక్కించాడంటే ప్రమాదం వస్తుందని అప్పటికే అతనికి తెలుసు. చట్టం అడిగే కొలత సరిగ్గా అదే, సొంత వస్తువైతే ఏం చేసేవాడు అని. అతను ఏం చేశాడో ఏటిగట్టు మీద కనిపిస్తూనే ఉంది.

స్పానర్: సంతకం సంగతి చెప్పకుండా దాటేస్తున్నారు. ఓనర్ రిస్కు అని రాసి ఉంటే అది ఒప్పందం కాదా? 152లోనే "వేరే ఒప్పందం లేకపోతే" అని ఉంది. నాకూ ఒక లాయరు గారు చెప్పారు.

గుమాస్తా: ఆ మాట ఉంది, కాదనను. కానీ 2019లో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో ఈ చీటీ సంగతి చూసింది. హోటల్లో బళ్లు పార్కు చేసే వాలెట్ చేతికి తాళాలు ఇచ్చిన కారు దొంగతనానికి పోయింది. హోటల్ వాళ్లు చీటీ మీద ఓనర్ రిస్కు అని రాసి ఉందన్నారు. బండి మీ స్వాధీనంలోకి వచ్చాక మీ నిర్లక్ష్యాన్ని, మీ పనివాళ్ల నిర్లక్ష్యాన్ని చీటీ మీద రాసి వదిలించుకోవడం కుదరదని కోర్టు తేల్చింది. నష్టం ఎలా జరిగిందో మొదట చెప్పుకోవాల్సింది కూడా బండి తీసుకున్నవాళ్లే. అర్ధరాత్రి షెడ్డులో ఏం జరిగిందో ఇంట్లో పడుకున్న ఓనరుకి ఎలా తెలుస్తుంది?

స్పానర్: అది స్టార్ హోటల్. నాది రేకుల షెడ్డు.

అత్తిలి కోడలు: మాకూ ఇలాగే అయింది. క్లచ్ మార్చమని ఇస్తే నాలుగు రోజులు ఉంచుకున్నారు. తెచ్చుకున్నాక మీటరు చూస్తే 212 కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది, వెనక సీటులో బంతిపూల రేకులు. ఎవరి పెళ్లికో తిప్పారు. డోరుకి గీత కూడా పడింది. అడిగితే ట్రయల్ అన్నారు. 212 కిలోమీటర్ల ట్రయల్ ఎక్కడైనా ఉంటుందా? ఈ మెకానిక్‌లందరూ ఒకటే. వదలకండి తమ్ముడూ.

గుమాస్తా: అమ్మా, మీది వేరే రకం, నిజానికి మీది ఇంకా గట్టిది. ఇచ్చిన పనికి కాకుండా వేరే దానికి వాడితే 154 వర్తిస్తుంది. ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ వాడకంలో జరిగిన నష్టమంతా వాళ్లదే. సర్వీసు చీటీ మీద ఇచ్చిన రోజు మీటరు అంకె రాయించి ఉంటే చాలు.

అత్తిలి కోడలు: చీటీలో మీటరు గడి ఖాళీగా వదిలేశారండి. అప్పుడు చూసుకోలేదు.

స్పానర్: "మెకానిక్‌లందరూ ఒకటే" అన్న మాట వెనక్కి తీసుకోండమ్మా. వానలో, బురదలో రోడ్డు మీద ఆగిపోతే రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసేది మాకే. ఒక్క ఇంజిన్ డబ్బు కడితే నా ఆరు నెలల కష్టం పోతుంది. పోయినేడు నా షెడ్డులోకీ నీళ్లొచ్చాయి. ఏడు కార్లు, నేనూ ఒక కుర్రాడూ. రెండిటికి గేర్‌బాక్స్ దింపి ఉంది, అవి కదలవు. మిగిలిన ఐదులో మూడు గట్టెక్కించేసరికి నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. మిగిలిన రెండిటి ఓనర్లు నా మీద పోలీసుల దగ్గరికి వెళ్లారు. వాళ్లకి నేను మూడు రోజుల ముందే "అయిపోయింది, తీసుకెళ్లండి" అని ఫోన్ చేశాను. ఇంటి ముందు స్థలం లేదని నా షెడ్డులోనే ఉంచారు. పల్లంవీధి గారూ, నిజం చెప్పండి. మీ మెకానిక్ మీకు ఫోన్ చేశాడా లేదా?

కాలువగట్టు: ఇది అడగాల్సిన మాట.

పల్లంవీధి: చేశాడు. గురువారం మధ్యాహ్నం. మా మేనకోడలి పెళ్లి హడావుడిలో ఉన్నాను, ఆదివారం వస్తానన్నాను. సరేనన్నాడు. శుక్రవారం రాత్రి వాన. ఈ సంగతి మొదట రాయలేదు, రాసి ఉండాల్సింది.

స్పానర్: ఆయ్, అదీ సంగతి! గురువారం నుంచి పైసా అద్దె లేకుండా అతని స్థలంలో ఉంచి, మునిగాక లక్షా పదివేలు అతన్నే కట్టమంటున్నారు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. వరద గురించి కాదు నా బాధ.

గుమాస్తా: ఇది తెలిశాక ఒక వాదన పోయింది. బండి సమయానికి ఇవ్వకపోవడం అతని తప్పైతే, ఆ తర్వాత వచ్చిన ప్రతి నష్టమూ 161 కింద అతని మీదే పడేది. ఇక్కడ ఆలస్యం మీది, కాబట్టి అది అడగకండి. అయినా 151 పోలేదు. ఆదివారం దాకా ఉంచడానికి అతను సరేనన్నాడు. అద్దె తీసుకోలేదు కాబట్టి తక్కువ జాగ్రత్త చాలన్న తేడా మన చట్టంలో లేదు. అన్ని బెయిల్‌మెంట్లకీ ఒకే కొలత అని ఆ సెక్షన్ మొదటి మాటలోనే ఉంది.

స్పానర్ గారూ, ఏడు కార్లలో మూడు కాపాడిన మీ సంగతి వేరు. ఏది ముందు తీశారో, ఏది ఎందుకు కదల్లేదో చెప్పుకోగలరు. కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ వినాల్సిన జవాబు అదే. ఈ మెకానిక్ తొమ్మిది నుంచి పదకొండు వరకు ఏం చేశాడో మనకి తెలియదు. అతనికీ చాలా బళ్లు ఉన్నాయేమో. పల్లంవీధి గారు అది కనుక్కోవాలి.

స్పానర్: సరే, ఒప్పుకుంటాను. కానీ నీళ్లతో పాడైన సీట్లు, కార్పెట్లు, వైరింగ్ అతని మీద వేయడం నాకు న్యాయం అనిపించదు.

గుమాస్తా: సీట్ల మాట పక్కన పెట్టండి. ఇంజిన్ సంగతి మీరే చెప్పండి, పని తెలిసినవారు.

స్పానర్: ఇంజిన్ వేరు. నిలబడి ఉన్న ఇంజిన్ నీళ్లలో ఉంటే అంత తొందరగా చావదు. నీళ్లు తీశాక బ్యాటరీ తీగ తీసేయాలి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి. అది తడిసి ఉంటే తాళం ముట్టుకోకూడదు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పితే నీళ్లు ప్లగ్గు రంధ్రాల నుంచి బయటికి చిమ్ముతాయి. ఆ పని చేయకుండా స్టార్టరు కొడితే పిస్టన్ పైకి వచ్చి నీళ్లకి తగులుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ 'టక్' అదే. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి స్టార్టరుతో వంగకుండానే ఆగుతుంది, తర్వాత తోసి గేరులో వేస్తే మాత్రం ఖాయం. షెడ్డు నడిపేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. కుర్రాడికి చెప్పకపోవడం ఓనరు తప్పే.

పల్లంవీధి: ఇన్సూరెన్సు సర్వేయరు కూడా దాదాపు ఇదే అన్నారు. సీట్లకి, వైరింగుకి క్లెయిమ్ తీసుకుంటాం, ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోలేదు కాబట్టి ఇంజిన్ రాదు అన్నారు.

గుమాస్తా: అయితే మీరు మెకానిక్‌ని అడగాల్సింది ఇంజిన్ ఒక్కటే. బీమా ఇచ్చిన దానికి మళ్లీ అతన్ని అడగకూడదు. ఆ భాగం మీద అతన్ని అడిగే హక్కు బీమా కంపెనీకి వెళుతుంది. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉండే చోటే వేయవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. సర్వీసు బిల్లు ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. మీ సర్వీసు బిల్లు కట్టారా?

పల్లంవీధి: 6,800. కట్టలేదు. కట్టేదాకా కారు ఇవ్వనంటున్నాడు.

గుమాస్తా: ఆ 6,800 కోసం ఆపుకునే హక్కు అతనికి ఉంది. చేసిన పని కూలికి బండి పట్టుకోవచ్చని 170 అంటుంది. కట్టేసి రసీదు తీసుకోండి. పాత బాకీలు, పార్కింగ్ అద్దె అని కలిపితే మాత్రం ఒప్పుకోకండి.

అత్తిలి కోడలు: రసీదు మీద మీటరు అంకె కూడా రాయించండి తమ్ముడూ.

స్పానర్: ఒక్క మాట పల్లంవీధి గారూ. ఇంజిన్ ఎవరూ విప్పలేదు కదా?

పల్లంవీధి: లేదండి, రేపు విప్పుతానన్నాడు.

స్పానర్: రేపు విప్పనివ్వకండి. మీరూ, సర్వేయరూ, ఇంకో షెడ్డు నుంచి ఒక మెకానిక్కూ ఉన్నప్పుడు విప్పించండి. ముందు ఎయిర్ ఫిల్టరు తీయించి ఫోటో తీసుకోండి, లోపల బురద గీత ఎంత ఎత్తున ఉందో కనిపించాలి. తర్వాత ప్లగ్గులు, ఆఖరున రాడ్. రాడ్ నిటారుగా ఉంటే ఇంజిన్‌కి లక్ష ఖర్చు అవదు, నూనె మార్చి శుభ్రం చేస్తే సరిపోవచ్చు. అప్పుడు మీ ఇద్దరి మధ్య తగువే ఉండకపోవచ్చు. వంగి ఉంటే మాత్రం ఆ కుర్రాడు తాళం తిప్పిన సంగతి అందరి ముందూ వాడి చేతనే చెప్పించండి. వాడిని ఆ తర్వాత పనిలోంచి తీసేయవద్దని వాడి ఓనరుకి నా మాటగా చెప్పండి.