లీవ్ లెటర్‌లో కారణం ఎంత రాయాలి? వెనక్కి వచ్చిన నా లెటర్ ఇదిగో

లెక్కల టీచర్:
జిల్లా పరిషత్ హైస్కూల్‌లో లెక్కలు చెబుతాను. నాన్నకు కంటి ఆపరేషన్ ఉంది, సెలవు కావాలి. నిన్న లెటర్ ఇస్తే మా హెచ్.ఎమ్. గారు చదివి, "ఇలా కాదమ్మా, సరిగ్గా రాసుకురండి" అని తిరిగి ఇచ్చేశారు. ఏం తప్పో చెప్పలేదు. స్టాఫ్ రూమ్‌లో ఒకరేమో కారణం ఎక్కువైందన్నారు, ఇంకొకరు తక్కువైందన్నారు. ఇంతకీ కారణం ఎంత రాయాలి?

"నమస్కరించి వ్రాయునది. నేను తమరి పాఠశాలలో గణిత ఉపాధ్యాయురాలిగా పనిచేయుచున్నాను. మా నాన్నగారు గత ఆరు నెలలుగా చూపు సరిగా ఆనక బాధపడుతున్నారు. షుగర్ వలన ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడినది. అమ్మ లేరు, తమ్ముడు దూరంగా ఉన్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఆపరేషన్ చేస్తామన్నారు. కావున దయతలచి నాకు 12వ తేదీ నుండి మూడు రోజులు సెలవు ఇప్పించవలసినదిగా ప్రార్థన."

శీను_బెంగళూరు:
ఇంత కథ ఎందుకండీ? మా ఆఫీసులో మెయిల్ సబ్జెక్ట్‌లోనే తేదీలు పెట్టేస్తాం, లోపల "పర్సనల్ వర్క్" అని ఒక్క ముక్క. మేనేజర్ అప్రూవ్ కొడతాడు, అంతే. సెలవు మన హక్కు, కారణం అడగడమే తప్పు.

లెక్కల టీచర్:
మాది గవర్నమెంట్ బడి శీను గారూ. కాగితం ఫైల్లోకి పోతుంది, రేపు ఆడిట్‌లో ఎవరైనా తిరగేస్తారు.

పాత హెడ్మాస్టరు:
నేను రిటైరై తొమ్మిదేళ్లు. ఇలాంటి లెటర్లు వేలకొద్దీ చదివాను, కొన్ని నేనూ వెనక్కి ఇచ్చాను. ముందు శీను గారి మాట. సెలవును హక్కుగా అడగడానికి వీల్లేదని ప్రభుత్వోద్యోగుల ప్రాథమిక నిబంధన 67 చెబుతుంది. అందుకే కారణం కావాలి. తేదీలు పైనే కనబడాలన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

టీచరమ్మా, మీ కారణం ఎక్కువా కాదు, తక్కువా కాదు. అది తేదీలకు అతకలేదు. ఫిబ్రవరి 2026 క్యాలెండర్ ముందు పెట్టుకోండి. 12 గురువారం, 13 శుక్రవారం, 14 రెండో శనివారం, 15 ఆదివారం. (ఈసారి శివరాత్రి కూడా ఆ ఆదివారమే, ఒక సెలవు దండగైంది!) మరి "12 నుండి మూడు రోజులు" అంటే ఏ మూడు? 12, 13, 14 అనుకుంటే 14 ఎలాగూ సెలవే, అడగక్కర్లేదు. 12, 13, 16 అనుకుంటే మీరు అయిదు రోజులు ఊళ్లో ఉండరు. మీ హెచ్.ఎమ్. అక్కడే ఆగిపోయి ఉంటారు. మీ మనసులో ఏముందో చెప్పండి.

లెక్కల టీచర్:
12, 13, 16 అండీ. 17 పొద్దున వచ్చేస్తాను. ఆపరేషన్ 13న.

పాత హెడ్మాస్టరు:
సరే. ఏ సెలవు? అది కూడా రాయలేదు. క్యాజువల్ లీవ్ అయితే మధ్యలో వచ్చిన శని ఆదివారాలు లెక్కలోకి రావు, మీకు మూడే పోతాయి. సెలవులతో కలిపి మొత్తం పది రోజులు దాటకూడదు, మీవి అయిదే కాబట్టి ఇబ్బంది లేదు. అదే ఎర్న్‌డ్ లీవో, హాఫ్ పే లీవో పెడితే 12 నుంచి 16 దాకా మధ్య రోజులతో కలిపి అయిదూ పోతాయి. ఒక్క మాట వదిలేస్తే మూడు అయిదవుతుంది, చూశారా. సెలవు రకం రాయకపోతే క్లర్కు తనకు తోచింది రాస్తాడు.

ఇక కారణం. 13న ఆపరేషన్ అన్నారు. మరి 12 ఎందుకు? 16 ఎందుకు? శుక్లం ఆపరేషన్ అయితే మామూలుగా మర్నాడు చూసి పంపేస్తారు, అంటే 14. మీ లెటర్లో ఆరు నెలల చూపు గురించి ఉంది, షుగర్ గురించి ఉంది, 16 గురించి ఒక్క అక్షరం లేదు.

లెక్కల టీచర్:
12న రక్తపరీక్షలు, షుగర్ చూసుకోవాలి. 16 సాయంత్రానికి గానీ తమ్ముడు రాలేడు. అప్పటిదాకా చుక్కల మందు వేయడానికి నాన్న దగ్గర ఎవరూ లేరు.

పాత హెడ్మాస్టరు:
అదే రాయండి. అసలు కారణం అదీ.

గోదారి గట్టు:
నన్నడిగితే ఇంత అవసరం లేదు. నేను ఇరవై ఏళ్లుగా "జ్వరముతో బాధపడుచున్నందున" అని రాస్తున్నా, ఒక్కసారీ వెనక్కి రాలేదు. నాన్న, ఆపరేషన్ అంటే పది ప్రశ్నలు. జ్వరం అంటే ఎవరూ అడగరు.

పాత హెడ్మాస్టరు:
మీ అదృష్టం. వారం ముందు ఇచ్చే లెటర్లో జ్వరం ఎలా రాస్తారండీ? జ్వరం చెప్పి వస్తుందా? అదీగాక ఒంట్లో బాలేదని ఎక్కువ రోజులు పెడితే మెడికల్ సర్టిఫికెట్, చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. సర్టిఫికెట్ మీద పూర్తి జీతం వచ్చే కమ్యూటెడ్ లీవ్ తీసుకుంటే హాఫ్ పే లీవ్ ఖాతాలో రోజుకు రెండు తగ్గుతాయి. అబద్ధానికి రెట్టింపు ఖర్చన్నమాట.

కలువ:
నా సంగతి వేరు. నాకు గర్భాశయానికి సంబంధించిన సమస్య వచ్చినప్పుడు "కారణం స్పష్టంగా రాయాలి" అని ఎవరో చెబితే రోగం పేరు, స్కానింగ్ రిపోర్టులో ఉన్న మాటలతో సహా రాశాను. ఆ లెటర్ ఆఫీసు టేబుల్ మీద రెండు రోజులు పడి ఉంది. మూడో రోజు స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలిసిపోయింది. అప్పట్నుంచి "వైద్య చికిత్స నిమిత్తం" అని మాత్రమే రాస్తున్నా. తేదీలకు అతకాలన్నది ఒప్పుకుంటా, కానీ ఒంటి విషయాలు బయట పెట్టమంటే నేను ఒప్పుకోను.

పాత హెడ్మాస్టరు:
మీరు చెప్పింది సరైనదే. లెటర్లో "చికిత్స, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విశ్రాంతి" చాలు. రోగం పేరు సర్టిఫికెట్లో ఉంటుంది, దాన్ని కవర్లో పెట్టి అంటించి ఇవ్వండి. టీచరమ్మ లెటర్లో కూడా నాన్నగారి షుగర్ అక్కర్లేదు. ప్రతి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది తీసేస్తే హెచ్.ఎమ్. నిర్ణయం మారుతుందా?" అని అడగండి. మారకపోతే కొట్టెయ్యండి. "తమరి పాఠశాలలో పనిచేయుచున్నాను" అన్నది మొదట పోతుంది. రోజూ ఎదురుగా కనిపించే మనిషికి ఆ మాట చెప్పాలా?

తెలుగు పిచ్చి:
నాకు "ఇప్పించవలసినదిగా" దగ్గర పళ్లు జివ్వుమన్నాయి. ఇప్పించడం అంటే ఇంకొకరి చేత ఇప్పించడం. హెచ్.ఎమ్. గారే ఇస్తుంటే ఇప్పించడమేమిటి? "మంజూరు చేయవలసిందిగా" అనాలి. ఇక "దయతలచి", "ప్రార్థన" కూడా తీసేయండి. దేవుడికి రాస్తున్నామా?

పాత హెడ్మాస్టరు:
మొదటి మాటకు దండం. కాకపోతే పై ఆఫీసు మంజూరు చేసే పెద్ద సెలవుకు హెచ్.ఎమ్. ద్వారా పంపేటప్పుడు "ఇప్పించవలసిందిగా" సరిగ్గా సరిపోతుంది. ఆ అలవాటే చిన్న లెటర్లలోకీ వచ్చింది. "దయతలచి" విషయంలో మాత్రం మీతో కలవను. అది ఉన్నందుకు నేను లెటర్ తిప్పి పంపలేదు, లేనందుకూ పంపలేదు.

తెలుగు పిచ్చి:
మీరు పంపలేదు సరే, కొత్తగా చేరిన పిల్లలు అలా వంగి వంగి రాయడం నేర్చుకోవడం నాకు నచ్చదు. ఇక్కడ ఆపుతా.

లెక్కల టీచర్:
మళ్లీ రాశాను. రాసే ముందు మీ మాటలన్నీ ఒక చీటీ మీద పెట్టుకున్నా: క్యాలెండర్ పక్కన పెట్టుకుని ప్రతి తేదీకీ వారం చూడాలి, "నుండి మూడు రోజులు" బదులు తేదీలు విడివిడిగా, సెలవు రకం, ప్రతి తేదీకీ కారణంలో ఒక మాట ఉందా, తీసేసినా నష్టం లేని వాక్యాలు కొట్టెయ్యాలి, మంజూరు చేసేది ఎవరు, తిరిగి చేరే రోజు. ఇంకేమైనా మర్చిపోయానా?

"విషయం: 12, 13, 16 ఫిబ్రవరి 2026 తేదీలకు మూడు రోజుల క్యాజువల్ లీవ్.
అయ్యా, మా నాన్నగారికి 13న హైదరాబాదులో కంటి శుక్లం ఆపరేషన్. 12న పరీక్షలు చేస్తారు, 14న కట్టు విప్పి చూస్తారు. 16 సాయంత్రం మా తమ్ముడు వచ్చేవరకు ఆయన దగ్గర నేనే ఉండాలి. అందువల్ల 12, 13, 16 తేదీలకు క్యాజువల్ లీవ్ మంజూరు చేసి, 14 రెండో శనివారం, 15 ఆదివారం సెలవులను వాటితో కలిపి వాడుకునేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను. 17 ఉదయం విధులకు హాజరవుతాను."

పాత హెడ్మాస్టరు:
రెండు తక్కువ. మీరు ఊరు విడిచి వెళ్తున్నారు, కాబట్టి హెడ్‌క్వార్టర్ విడిచి వెళ్లడానికి అనుమతి కూడా అదే లెటర్లో అడగాలి, 11 సాయంత్రం నుంచి 16 రాత్రి వరకు అని. ఫోన్ నంబరు కింద రాయండి. రెండోది, మార్చిలో పదో తరగతి పరీక్షలు, మీరేమో లెక్కల టీచరు. మీ పీరియడ్లు ఎవరు తీసుకుంటారు? హెచ్.ఎమ్. మనసులో ముందు మెదిలేది మీ నాన్నగారి కన్ను కాదమ్మా, ఆ పీరియడ్లే. కఠినంగా అంటున్నాననుకోవద్దు, ఆ కుర్చీలో కూర్చుంటే అంతే.

గోదారి గట్టు:
రాత్రికి రాత్రి ఎవరికైనా బాగోకపోతే ఇవన్నీ ఎక్కడ రాస్తాం? వాట్సాప్‌లో "సార్, ఈ రోజు సి.ఎల్." అని కొట్టడమే కదా.

పాత హెడ్మాస్టరు:
కొట్టండి. కానీ తిరిగి వచ్చిన రోజే కాగితం ఇచ్చేయండి, రాసిన తేదీ ఆ రోజుదే వేయండి. వెనక తేదీ వేస్తే వాట్సాప్‌లో ఉన్న టైమే మిమ్మల్ని పట్టిస్తుంది.

కలువ:
అందరికీ ఒక ప్రశ్న. క్యాజువల్ లీవ్‌కి "సొంత పని" అని రాస్తే చాలా చాలదా? మా పాత హెచ్.ఎమ్. ఒప్పుకునేవారు, ఇప్పటాయన "ఏ పని?" అంటారు.

పాత హెడ్మాస్టరు:
ఒక్క రోజైతే నేను అడిగేవాణ్ని కాదు. మీ హెచ్.ఎమ్. అడగడం తప్పనీ అనలేను.

శీను_బెంగళూరు:
అందుకే హక్కు అన్నాను!

లెక్కల టీచర్:
లెటర్ ఇచ్చాను. హెడ్‌క్వార్టర్ అనుమతి, ఫోన్ నంబరు కలిపాను. "పదో తరగతి పీరియడ్లు ఫిజిక్స్ మాస్టారు తీసుకుంటానన్నారు" అని చివర్లో రాశాను. హెచ్.ఎమ్. గారు ఈసారి మొత్తం చదివి, ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి, "ఆయన సంతకం కూడా పెట్టించుకు రండి" అన్నారు. మాస్టారు ఈ రోజు సెలవు.