నాట్య ప్రదర్శన లైవ్ డల్లాస్‌కి అరనిమిషం ఆలస్యం: దేశానికో సర్వర్ పెట్టాలా?

మువ్వలసవ్వడి (ఎంవీపీ కాలనీ): మా నాట్యాలయం వార్షికోత్సవం కళాభారతి నుంచి హెచ్‌ఎల్‌ఎస్‌లో లైవ్ ఇస్తున్నాం. సర్వర్ ముంబయిలో ఉంది, ముందు సీడీఎన్ కూడా పెట్టాం. డల్లాస్, దుబాయ్, సింగపూర్, మెల్‌బోర్న్‌లలో కలిపి 300 మంది చూస్తారు. రిహార్సల్లో అందరికీ అరనిమిషం ఆలస్యం, డల్లాస్‌లో అయితే ఆగి ఆగి వచ్చింది. దేశానికో సర్వర్ అద్దెకు తీసుకోవడమే మేలా?

సాగరతీరం: దూరమే కదండీ కారణం. డల్లాస్‌లో ఒక సర్వర్ పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. విశాఖకు సముద్ర కేబుల్ గేట్‌వే తెస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది, అది వస్తే ఈ బాధే ఉండదు.

కంచరపాలెం_రవాణా: సాగరతీరం గారూ, దూరం ఉన్నమాట నిజమే, కానీ అరనిమిషం దాని పని కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్‌కి కేబుల్ దారి 20,000 కిలోమీటర్లు అనుకున్నా ఒకవైపు 0.1 సెకను. కేబుల్ విశాఖలోనే తేలితే చెన్నై దాకా పోయొచ్చే కొన్ని మిల్లీసెకన్లు మిగులుతాయి, అంతే.

మేడం, మీకు రెండు జబ్బులున్నాయి, కలిపి చూడకండి. అందరికీ సమానంగా ఉన్న ఆలస్యం సెగ్మెంట్ల నిడివి వల్ల. హెచ్‌ఎల్‌ఎస్ వీడియోని ముక్కలుగా కోసి పంపుతుంది. మీది 6 సెకన్ల ముక్క అనుకుంటే, అది పూర్తిగా తయారైతేగానీ సర్వర్‌కి చేరదు. పైగా ప్లేయర్ లైవ్ చివర నుంచి మూడు ముక్కలు వెనక్కి వెళ్లి మొదలుపెడుతుంది. 6కి 18 కలిస్తే 24, ఎన్‌కోడింగ్‌కి ఇంకొంచెం. మీ అరనిమిషం అదే. పక్క వీధిలో చూసినా ఇంతే వస్తుంది.

డల్లాస్ ఆగడం వేరే సంగతి. అక్కడికి దగ్గరి సీడీఎన్ సర్వర్‌లో, అదే ఎడ్జ్‌లో, కాపీ దొరక్క ప్రతి ముక్కకీ ముంబయి దాకా వస్తున్నారని నా అనుమానం. అక్కడి బంధువుల చేత ఒకే ముక్కను, చూడటానికి మీరిచ్చిన లింకులో ఉండే ఇద్దరి టోకెన్లతో, ఒకరి తర్వాత ఒకరిగా అడిగించండి:

```
curl -s -o /dev/null -D - "https://live.example.com/seg118.ts?token=A1"
```

పచ్చళ్ల_పద్మ: నా పచ్చళ్ల సైట్ కూడా మెల్‌బోర్న్‌లో మా చెల్లికి నత్తలా తెరుచుకుంటోంది. సీడీఎన్ ఉన్నా అంతే. నేనూ ఈ టోకెన్ మార్చాలా?

కంచరపాలెం_రవాణా: పద్మ గారూ, మీది వేరే లెక్క. ఫొటోలు ఎడ్జ్ నుంచే వస్తాయి, కానీ బుట్ట, లాగిన్ పేజీలు మనిషికొక రకంగా ఉంటాయి గనక ప్రతిసారీ అసలు సర్వర్ దాకా వెళ్లాలి. దానికి వేరే చర్చ పెట్టండి, చూద్దాం.

మువ్వలసవ్వడి: అడిగించాను. రెండుసార్లూ `x-cache: MISS` అనే వచ్చింది.

కంచరపాలెం_రవాణా: దొరికింది. `MISS` అంటే ఎడ్జ్‌లో కాపీ దొరకలేదని. ఒక్కొక్కరికీ వేరే టోకెన్ ఇచ్చారు, అది అడ్రసులో భాగమైంది. ముక్క ఒకటే అయినా ఎడ్జ్‌కి 300 వేర్వేరు ఫైళ్లలా కనిపిస్తోంది. మీ వీడియో 4 ఎంబీపీఎస్ అనుకుంటే ముంబయి నుంచి 1,200 ఎంబీపీఎస్ బయటికి పోవాలి. దుబాయ్, సింగపూర్ దగ్గర గనక ఎలాగో నెట్టుకొచ్చాయి. డల్లాస్‌కి ఒక్కో రాకపోకకు పావు సెకను పోతోంది, దారిలో ప్యాకెట్ పోతే వేగం తిరిగి పుంజుకోవడమూ ఆలస్యమే, అందుకే ముందు అక్కడ తెగింది.

ఎడ్జ్ కాపీని గుర్తుపట్టే క్యాష్ కీ నుంచి టోకెన్ తీసేయండి. కానీ టోకెన్ తనిఖీని ఎడ్జ్‌లోనే చేయించండి. అది ముంబయిలోనే ఉంటే, కాపీ ఎడ్జ్‌లో చేరాక టోకెన్ లేనివాళ్లూ చూసేస్తారు. ఇంకో మాట: ముక్కలు ఎంతసేపు దాచినా పర్లేదు, అవి మారవు. ముక్కల వరుస చెప్పే `.m3u8` జాబితాని మాత్రం ఒకటి రెండు సెకన్లకు మించి దాచొద్దు. దాన్ని 60 సెకన్లు పెట్టి ఊరంతా ఒకేసారి ఆగిపోయిన లైవ్ నేను చూశాను. జాబితా హెడర్లలో `age` ముక్క నిడివిని దాటితే జబ్బు అదే.

మువ్వలసవ్వడి: టోకెన్ మార్చాం. రెండోసారి `HIT` వచ్చింది, డల్లాస్‌లో ఆగడం లేదు. ఆలస్యం మాత్రం అలాగే ఉంది. ముక్కలు 2 సెకన్లకి తగ్గించేయనా?

కంచరపాలెం_రవాణా: తగ్గించండి. 10 సెకన్ల లోపుకి దిగుతుంది.

లెన్స్_లావణ్య: నేనొప్పుకోను అన్నా. పెళ్లిళ్లకి లైవ్ ఇస్తుంటాను. 2 సెకన్లంటే ప్రతి 2 సెకన్లకీ పూర్తి బొమ్మ ఉండే కీఫ్రేమ్ పడాలి, అదే బిట్‌రేట్‌లో వేగమైన అడుగులు మసకబారతాయి. ప్లేయర్ దగ్గర నిల్వ 18 సెకన్ల నుంచి 6కి పడిపోతుంది. ఆడిటోరియం వైఫై ఒక్కసారి తడబడితే అన్ని దేశాల్లోనూ ఒకేసారి ఆగుతుంది. డల్లాస్‌లో అమ్మమ్మగారికి 25 సెకన్ల ఆలస్యం కనబడదు, జతి మధ్యలో ఆగితే కనబడుతుంది.

కంచరపాలెం_రవాణా: వేదిక మీద నుంచి గురువుగారు ఫోన్లో వాళ్లతో మాట్లాడితే 25 సెకన్లు కనబడతాయమ్మా. మధ్యేమార్గంగా 4 పెట్టి చూడొచ్చు, కానీ అప్‌లోడ్‌కి వైఫై కాకుండా వైరు వేయాలి. అక్కడ నువ్వు చెప్పిందే నిజం.

లెన్స్_లావణ్య: వైరు వేసినా ఆ రోజుకి నేను 6 మార్చను. మేడం, గురువుగారు ఫోన్లో మాట్లాడతారా లేదా ముందు కనుక్కోండి.