రైతు సగం చెప్పి ఆగితే, విన్నది తిరిగి చెప్పాలా?

సిరొంచ కొట్టు: ఎరువులు, పురుగుమందుల కొట్టులో కూర్చుంటాను. మిర్చి రైతులు ఫోన్‌లో సగం చెప్పి "ఏ మందు కొట్టాలి" అంటారు. అప్పుడు "ఇప్పటిదాకా నాకు అర్థమైంది ఇదీ, మిగతాది చెప్పండి" అనడం మంచిదా, టైమ్ దండగా?

గోదావరి గట్టు: దండగే. నాలుగు ప్రశ్నలు వరసగా అడిగితే సరిపోతుంది. చెప్పిందే మళ్ళీ చెబితే రైతుకు చిరాకు.

అంకీసా పెద్దాయన: ప్రశ్నలు అడగాలి, కాదనను. కానీ నువ్వు అడిగినదానికే జవాబొస్తుంది, అడగాలని తట్టనిది బయటికి రాదు. మొన్న ఒకాయన "ఆకు ముడుచుకుంది, రెండుసార్లు మందు కొట్టాను" అని ఆగాడు. నేను ఇలా అన్నాను: "మిర్చి, ఆకుముడత, రెండుసార్లు మందు. నేను విన్నది ఇంతే. ఏ మందో, ఆకు ఎటు ముడిచిందో నాకింకా తెలీదు. ఇంకేమైనా ఉంటే అదీ చెప్పు." ఆయన చేలోకి వెళ్ళి చూసి, అంచులు కిందికి తిరిగాయన్నాడు. కొట్టింది ఇమిడాక్లోప్రిడ్ అని, పక్క చేనుకూ ఇలాగే ఉందని కూడా చెప్పాడు. పక్క చేను సంగతి నేను అడిగేవాణ్ణి కాదు.

పైకి ముడిస్తే ఎక్కువగా తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఇమిడాక్లోప్రిడ్ నల్లి మీద పనిచేయదు. మూడోసారీ అదే కొడితే డబ్బు పోయేది, నల్లి అలాగే ఉండేది. ఒక్క జాగ్రత్త: తిరిగి చెప్పేటప్పుడు నీ ఊహ అందులో కలపొద్దు. "తామరపురుగు పట్టింది, రెండుసార్లు కొట్టావు" అన్నావనుకో, నీ మీద గౌరవంతో "ఆ, ఆ" అనేస్తాడు. తప్పు అక్కడే పాతుకుపోతుంది.

పర్లాకిమిడి కోడలు: మా దగ్గర మందుల చీటీ ఒడియాలో ఉంటుంది. షాపతను రోజుకు ఎన్ని బిళ్లలో మా అత్తగారితోనే తిరిగి చెప్పిస్తాడు. దానివల్ల చాలా మేలు జరిగింది.

అంకీసా పెద్దాయన: మంచి పనే అమ్మా, అయితే అది వేరు. అక్కడ ఆమె విన్నది సరిగ్గా ఉందో లేదో చూస్తున్నారు. ఇక్కడ నేను విన్నది సరిగ్గా ఉందా అని.

గోదావరి గట్టు: ఊహ కలిపితే ప్రమాదమన్నది ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే ఇదంతా కుదరదు.

అంకీసా పెద్దాయన: రెండు వాక్యాలకు ఎంతసేపు పడుతుంది? పొడుగ్గా చెబితేనే చిరాకు. అతను ఒకటి దిద్దితే ఆ ఒక్కటే మళ్ళీ చెప్పు, మొదటి నుంచీ వద్దు. ఎవరైనా పురుగుమందు మింగారని ఫోనొస్తే మాత్రం ఇవేవీ వద్దు, వెంటనే 108కి చేయించు, డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళమను.

సిరొంచ కొట్టు: అన్నా, మరి చేను చూడని కొడుకు చంద్రపూర్ నుంచి తండ్రి తరఫున ఫోన్ చేస్తే? "మిగతాది చెప్పు" అన్నా అతనికి తెలిసేదేముంది?

గోదావరి గట్టు: తండ్రి నంబర్ అడుగు.

అంకీసా పెద్దాయన: తండ్రికి ఫోన్ లేకపోతే? ఏ మందు కొట్టారో, ఆకు ఎటు ముడిచిందో నాకు తెలియాలని కొడుక్కి చెప్పి, చూసొచ్చి మళ్ళీ చేయమంటాను. కొందరు చేయరు, దానికి నా దగ్గరా దారి లేదు.