స్లాబ్ ముందు ఊరికి పోతానంటే మేస్త్రీ లెక్క ఆపొచ్చా?

మక్తల్ పోరడు
కోకాపేటలో అపార్ట్‌మెంట్ సైటులో రాడ్ బెండింగ్ పని చేస్తున్నా. మాది నారాయణపేట జిల్లా, మక్తల్ దగ్గర. నాన్న చనిపోయాడు. మూడెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాన్ని వారసుల పేర్ల మీదికి మార్చే విరాసత్‌కు అన్న దరఖాస్తు పెట్టాడు, 18న అందరూ తహసీల్దార్ ఆఫీసుకు రావాలన్నారు. వరి కూడా కోతకొచ్చింది. మేస్త్రీని పదిహేను రోజులు అడిగితే, "21న స్లాబ్ ఉంది, అయ్యాక పో. ఇప్పుడే పోతే తిరిగొచ్చాకే లెక్క" అన్నాడు. హాజరీ 900, ఇప్పటికి 64 హాజరీలు. ఖర్చీ కింద 16,000 తీసుకున్నా, వచ్చేటప్పుడు అడ్వాన్స్ 20,000. అట్లా ఆపొచ్చా? సెలవు ఎట్లా అడగాలి?

సెంట్రింగ్ సత్తన్న
తమ్మీ, నేనూ చిన్న కాంట్రాక్టర్‌నే. ఆపడం న్యాయమని అనను గానీ, ఎందుకు ఆపుతారో చెప్తా. కంపెనీ మాకు స్లాబ్ పడ్డాక కొలతలు తీసి బిల్లు చేస్తుంది. అప్పటిదాకా మీ మేస్త్రీ ఇచ్చే ఖర్చీ కూడా చాలావరకు వాళ్ళ జేబులోదో, వడ్డీకి తెచ్చిందో. స్లాబ్ ముందు నలుగురు ఊరికి పోతే రెడీమిక్స్ బుకింగ్ వెనక్కి పోతుంది, ఇంజనీరు మాటలు మేం పడాలి. దసరాకు పోయిన మా బ్యాచ్‌లో సగం మంది తిరిగి రాలేదు. అడ్వాన్స్ తీసుకున్నోళ్ళే రాలేదు. ఇగ బాకీ కూడా ఇచ్చి పంపితే మా చేతిలో ఏముంటుంది?

శ్రావ్య_హెచ్ఆర్
ఇందులో ఇంత ఆలోచించాల్సింది ఏముందండీ? కొత్త లేబర్ కోడ్ ప్రకారం 180 రోజులు పనిచేసినవాళ్ళకి ప్రతి 20 రోజులకి ఒక రోజు జీతంతో సెలవు ఉంది. మెయిల్ పెట్టి అప్లై చేయండి. రిజెక్ట్ చేస్తే కారణం రాతలో అడగండి.

సైట్ టైమ్‌కీపర్ రాములు
శ్రావ్య గారూ, రూలు మీరు చెప్పిందే. కానీ ఈ అబ్బాయికి 64 హాజరీలే ఉన్నాయి, 180కి చాలా దూరం. పైగా మేస్త్రీ దగ్గర మెయిలూ లేదు, సెలవుల రిజిస్టరూ లేదు. ఇప్పుడు జీతంతో సెలవు అంటూ మొదలుపెడితే అసలు మాట పక్కకు పోతుంది.

అసలు మాట ఏంటంటే, సెలవు వేరు, బాకీ వేరు. మేస్త్రీ రెండింటినీ ఒకే ముడి వేశాడు. సెలవు ఇప్పుడు కుదరదు, నాలుగు రోజులు ఆగమనడం వాళ్ళ పని అవసరం, దానికి బేరం ఆడొచ్చు. చేసిన పనికి కూలీ ఆపుతాననడం వేరే సంగతి. నెల కూలీ అయితే మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. ఖర్చీ ఇస్తున్నాం కదా అంటే సరిపోదు, అది నీ కూలీలోంచి ముందుగా ఇచ్చే కొంత మాత్రమే. మేస్త్రీ ఇవ్వకపోతే పైన ఉన్న బిల్డర్ కంపెనీ ఇచ్చి, మేస్త్రీ బిల్లులో కోసుకోవాలి. పాత కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనూ ఇదే ఉండేది, ఇప్పటి కోడ్‌లోనూ ఉంది. కంపెనీ బిల్లు రాలేదని సత్తన్న చెప్పింది నిజమే కావచ్చు, కానీ అది మేస్త్రీకీ కంపెనీకీ మధ్య లెక్క.

నీ లెక్క చూద్దాం. 64 హాజరీలకు 57,600. ఖర్చీ 16,000, అడ్వాన్స్ 20,000 పోతే 21,600 నీకు రావాలి. అంటే అడ్వాన్స్ నీ పనిలో తీరిపోయింది, నువ్వు వాళ్ళకు బాకీ లేవు, వాళ్ళే నీకు బాకీ. ఒకవేళ తీరకపోయినా, అడ్వాన్స్ ఉంది కాబట్టి కదలొద్దు అనడానికి లేదు. అది 1976 నాటి వెట్టిచాకిరీ చట్టం దాకా పోయే మాట. మేస్త్రీ మస్టర్‌లో నీ హాజరీలు ఎన్ని రాశాడో ఇప్పుడే చూసి ఫోటో తీసుకో. ఓవర్‌టైమ్ ఒంటిన్నర హాజరీలు ఉంటే అక్కడే తేడా వస్తుంది. ఖర్చీ ఫోన్‌పేలో పడితే అవి కూడా సాక్ష్యమే.

సిక్కోలు సెక్యూరిటీ
నాకూ ఇదే అయిందన్నా. మా ఊర్లో గట్టు తగాదా వచ్చి సర్వే పెట్టించారు, వారం రోజులని చెప్పి వెళ్ళాను. సర్వేయర్ రాలేదు, ఇంకో వారం పట్టింది. తిరిగొచ్చేసరికి నా పోస్టులో వేరేవాడు ఉన్నాడు. ఏజెన్సీ వాళ్ళు యూనిఫామ్ డబ్బులు కోసి మిగతాది చేతిలో పెట్టారు. గవర్నమెంటు ఆఫీసు పని అంటే ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పొద్దు.

మీసేవ పద్మ
సర్వే పనీ విరాసత్ పనీ ఒకటి కాదు తమ్ముడూ. మాది పాలమూరు వైపు మీసేవనే, రోజూ ఇవే దరఖాస్తులు చేస్తాం. మక్తల్ తమ్ముడికి చెప్తున్నా, నీకు అన్నిటికంటే కదపరాని తేదీ 18. వరి నీ అన్న కోయించగలడు, ఆఫీసులో నీ మాట నీ అన్న చెప్పలేడు. భూభారతి చట్టంలో వారసులకు నోటీసు ఇచ్చి, విచారించి, 30 రోజుల్లో తేల్చాలి. నువ్వు రాకపోతే రాలేదనే రాసుకుంటారు.

పోయేముందే అన్నతో దరఖాస్తు రసీదు వాట్సాప్‌లో తెప్పించుకో. కుటుంబ సభ్యుల పేర్లు ఎవరెవరివి రాశారో చూడు. అమ్మ, అన్న, నువ్వు, అక్కాచెల్లెళ్ళుంటే పెళ్ళైనా వాళ్ళ పేర్లూ ఉండాలి. మా దగ్గర జరిగే గొడవల్లో ఎక్కువ ఇక్కడివే. అందరూ ఒప్పుకున్నట్టు కాగితం ముందే టైపు చేయించి తెస్తారు, ఎవరికి ఎన్ని గుంటలో రెండో పేజీలో ఉంటుంది, బస్సు టైమైందని పిల్లలు చదవకుండా సంతకం పెట్టేస్తారు. నువ్వు చదివించుకున్నాకే పెట్టు.

మక్తల్ పోరడు
అక్కా, మా అక్క రాయచూరులో ఉంటది. ఆమె పేరు రాశారో లేదో అన్నను అడగాలి. మరి వడ్లు కోసి అమ్మేదాకా ఉండాలని పదిహేను రోజులు అడిగిన.

మీసేవ పద్మ
కోతకు పదిహేను రోజులు ఎందుకు? మిషన్ పెడితే మూడెకరాలు ఒక పూట పని. టైమంతా కొనుగోలు కేంద్రం దగ్గర పోతుంది. మిషన్ వడ్లు పచ్చిగా ఉంటాయి, తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబోయాలి, తర్వాత గన్నీ సంచులు రావాలి, కాంటా కావాలి, లారీ రావాలి. కుప్ప దగ్గర ఎవరో ఒకరు పడుకోవాల్సిందే, వానొస్తే టార్పాలిన్ కప్పాలి కదా. ఇంకోటి చూసుకో. పాస్‌బుక్ మీ నాన్న పేరు మీద ఉంది. పంట నమోదులో కూడా ఆయన పేరే ఉంటే, పైసలు ఆయన ఖాతాకే పోయే ప్రమాదం ఉంది. కాంటాకు ముందే వ్యవసాయ శాఖ ఏఈఓను కలిసి, ఎవరి పేరు, ఎవరి ఖాతా ఉందో చూసుకోండి. ఇది 18న మక్తల్ పోయినప్పుడే అయిపోతుంది.

రాడ్ బెండర్ యాదగిరి
అందరూ స్లాబ్ స్లాబ్ అంటున్నారు. తమ్మీ, నువ్వు రాడ్ పనోడివి. స్లాబ్ పడే రోజు రాడ్ బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటే చాలు, కాంక్రీట్ పోసేటప్పుడు ఊడిన కట్టు మళ్ళీ కట్టడానికి. అసలు మంది కావాల్సింది దానికి ముందు, కింది జాలీ, పై జాలీ, బీములు కట్టి ఇంజనీరు చెకింగ్ అయ్యేదాకా. 21న స్లాబ్ అంటే చెకింగ్ 20న అయిపోవాలి. అంటే మేస్త్రీకి నీతో అవసరం 20 సాయంత్రం వరకే. తర్వాత కాలమ్ రాడ్లు కట్టి, పై అంతస్తు సెంట్రింగ్ అయ్యేదాకా వారం పైన మనకు పని పలచగానే ఉంటుంది. కోతకు పోవాల్సింది ఆ గ్యాప్‌లో.

సెంట్రింగ్ సత్తన్న
యాదన్నా, ఒక్క బిల్డింగ్ అయితే నువ్వు చెప్పింది కరెక్టు. కోకాపేట సైట్లలో ఒకే బ్యాచ్ రెండు మూడు టవర్లు చూస్తుంది. ఇక్కడ సెంట్రింగ్ నడిస్తే అక్కడ రాడ్ నడుస్తది. గ్యాప్ ఎక్కడుంది?

రాడ్ బెండర్ యాదగిరి
ఉంటే మేస్త్రీ చెప్తాడు. ఇప్పుడు చెప్తున్నది మాత్రం స్లాబ్ అయ్యాక పొమ్మనే కదా. అంటే స్లాబ్ తర్వాత ఖాళీ ఉందని అతనే ఒప్పుకున్నట్టు.

సైట్ టైమ్‌కీపర్ రాములు
యాదగిరి మాటతో దారి దొరికింది. పదిహేను రోజులు ఒక్కసారే అడగకు, రెండు ముక్కలు చెయ్యి. 17 రాత్రి బస్సెక్కి 18న ఆఫీసు పని చూసుకో, 19 పొద్దున సైటులో ఉండు. 20న చెకింగ్ అయ్యాక మళ్ళీ పో. 18న నీ చోట ఎవరు కట్టు కడతారో నువ్వే పేరు చెప్పు. నోటితో మాట్లాడాక వాట్సాప్‌లో కూడా పెట్టు. ఇట్లా రాయి:

"అన్నా, 18న మక్తల్ తహసీల్దార్ ఆఫీసులో నాన్న భూమి విరాసత్‌కు నేను ఉండాలి. 17 పని దిగాక పోతా, 19 పొద్దున డ్యూటీలో ఉంటా. 18న నా బదులు మా రూములో ఉండే తమ్ముడు వస్తాడు, మాట్లాడాను. స్లాబ్ చెకింగ్ అయ్యాక 21 నుంచి కోతకు పదిరోజులు పోతా, డిసెంబర్ 1న వస్తా. ఇప్పటికి నా హాజరీలు 64, ఖర్చీ 16,000, అడ్వాన్స్ 20,000 పోతే 21,600 ఉంది. మస్టర్‌తో సరిచూసి చెప్పన్నా. 20న కోత ఖర్చులకు లెక్క ఇవ్వగలరు."

లెక్క సరే అని ఒక్క మాట రిప్లై వచ్చినా నీకు చాలు. మొదటి వరుసలో భూమి సంగతి అట్లాగే ఉంచు, అబద్ధం ఆడకు. అమ్మకు బాగాలేదని చెప్పి పోయినవాళ్ళను మేస్త్రీలు రెండోసారి నమ్మరు.

శ్రావ్య_హెచ్ఆర్
రాములు గారూ, ఇప్పటి నుంచి 20 దాకా వచ్చే హాజరీలు ఆ 21,600లో లేవు కదా?

సైట్ టైమ్‌కీపర్ రాములు
లేవమ్మా. ఇంక రోజులు గడిస్తే కలుస్తాయి, 20న మళ్ళీ లెక్క కట్టుకోవాలి.

మక్తల్ పోరడు
మేస్త్రీతో మాట్లాడినా. 18కి సరే అన్నడు. రెండోదానికి పదివేలు ఇస్తా, మిగతాది వచ్చాక అన్నడు. లెక్క సరే అని మాత్రం రాయలేదు, వాయిస్ మెసేజ్ పెట్టిండు. అన్న ఫోన్లో అక్క పేరు లేదన్నాడు, ఆఫీసులోనే చేర్పిద్దామంటున్నడు.

రాడ్ బెండర్ యాదగిరి
పదివేలు తీసుకో తమ్మీ. మిషన్ కిరాయి, బస్సు ఖర్చు వెళ్ళిపోతది. వాయిస్ డిలీట్ చెయ్యకు.

సైట్ టైమ్‌కీపర్ రాములు
నేనైతే పూర్తిగా అడుగుతా. నెల దాటిన కూలీ ఆగడం ఒకసారి అలవాటైతే సంక్రాంతికి ఇంకో ఇరవై వేలు ఆగుతుంది.

సెంట్రింగ్ సత్తన్న
పూర్తిగా అడిగితే రేపటి నుంచి వేరే పని వెతుక్కొమ్మంటాడు రామన్నా. ఆ సైటు బయట ఇంకో సైటు తమ్మీకి రెడీగా ఉందా?

మీసేవ పద్మ
మీరిద్దరూ పైసల సంగతి తేల్చుకోండి. తమ్ముడూ, అక్కను 18న రాయచూరు నుంచి ఆధార్‌తో రమ్మను. ఆమె లేకుండా ఆఫీసులోనే చేర్పిద్దామంటే ఆ రోజు పని కాదు, నువ్వు మళ్ళీ మేస్త్రీని ఇంకో రోజు అడగాల్సి వస్తుంది.